సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాళ్ల ఛాతీ నొప్పి

21 ఏళ్ల ఇంజినీరింగ్ కుర్రాడు. ఆరడుగుల పైన ఎత్తు, 58 కిలోల బరువు. హాస్టల్లో మంచం మీద పడుకుని ఫోన్ చూస్తుంటే ఉన్నట్టుండి ఛాతీలో కుడిపక్క కలుక్కుమంది. ఊపిరి గట్టిగా పీలిస్తే నొప్పి పొడుస్తోంది, భుజంలోకి పాకుతోంది. మెట్లెక్కితే ఆయాసం. గుండెపోటేమోనన్న భయంతో స్నేహితులు క్లినిక్‌కి తీసుకెళ్తే ఈసీజీ బాగానే ఉంది. గ్యాస్ బిళ్ల రాసి పంపారు. మర్నాటికి నొప్పి నిజంగానే తగ్గింది.

ఛాతీ వైద్యులు చూసే ఇలాంటి కేసులు చాలావరకు ఇదే తీరులో ఉంటాయి. ఇక్కడ తిరకాసంతా ఆ తగ్గిన నొప్పితోనే. ఈ జబ్బులో ఒకటి రెండు రోజుల్లో నొప్పి దానంతటదే సద్దుమణుగుతుంది, కుదించుకుపోయిన ఊపిరితిత్తి మాత్రం అలాగే ఉంటుంది. గ్యాస్ బిళ్ల పనిచేసిందనుకుని అందరూ ఊరుకుంటారు. తర్వాత ఎప్పుడో ఆయాసం వదలడం లేదని ఎక్స్‌రే తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. నిజానికి మొదటిరోజే రెండు పక్కలా స్టెతస్కోప్ పెట్టి పోల్చి విని ఉంటే, కుడివైపు ఊపిరి చప్పుడు బాగా తగ్గినట్టు తెలిసేది. గాలి కొద్దిగానే చేరితే ఆ తేడా కూడా దొరకదు. అందుకే ఇలాంటి కుర్రాడికి ఈసీజీతో ఆగకుండా ఛాతీ ఎక్స్‌రే కూడా తీయాలి.

దీని పేరు న్యూమోథొరాక్స్. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య రెండు పల్చటి పొరలుంటాయి. వాటి నడుమ పీడనం బయటి గాలి కంటే తక్కువగా ఉండబట్టే ఊపిరితిత్తి విచ్చుకుని నిలబడుతుంది. ఆ సందులోకి గాలి చొరబడితే పట్టు వదిలి ముడుచుకుపోతుంది. గాలి వచ్చేది ఎక్కువగా ఊపిరితిత్తి కొస నుంచే. అక్కడ చిన్న చిన్న నీటిపొక్కుల్లాంటి గాలిబుడగలు ఏర్పడి, వాటిలో ఒకటి చిట్లుతుంది. పొడుగు మనిషి ఛాతీలో పైకొస మీద లాగుడు ఎక్కువ, కాబట్టి బుడగలకు అనువైన చోటు అదేనని వైద్యులు భావిస్తారు. బరువులెత్తడం వల్లే వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువమందికి ఊరికే కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో వస్తుంది. సిగరెట్ తాగే మగవాళ్లకు ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. జపాన్‌లో సరదాగా దీన్ని ‘అందగాళ్ల జబ్బు’ అంటారు, సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాళ్లకే వస్తుందని!

మన కుర్రాడి ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అంచు సన్నని గీతలా కనిపించింది. దాని అవతల రక్తనాళాల జాడ లేదు, అంతా నలుపే. అంటే అక్కడున్నది ఒట్టి గాలి. ఒకప్పుడైతే గాలి ఇంత ఎక్కువుంటే పక్కటెముకల సందులోంచి పైపు వేయడం ఆనవాయితీ. పైపు రెండో కొస సీసాలోని నీళ్లలో ముంచుతారు. లోపలి గాలి బుడబుడమంటూ బయటికొస్తుంది, తిరిగి లోపలికి పోలేదు.

2020లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు 316 మందితో చేసిన అధ్యయనం ఆ ఆనవాయితీని కదిలించింది. వేరే ఊపిరితిత్తుల జబ్బు లేని, పరిస్థితి నిలకడగా ఉన్న రోగుల్లో సగం మందికి పైపు వేశారు. మిగతా సగాన్ని కనిపెట్టి చూస్తూ ఉన్నారు. ఈ రెండో జట్టులో దాదాపు 85 శాతం మందికి అసలు పైపు అవసరమే పడలేదు. చేరిన గాలిని శరీరమే రోజుకు కొంచెం చొప్పున పీల్చేసుకుంటుంది, ఊపిరితిత్తి వారాల్లో విచ్చుకుంటుంది. అందుకే ఇప్పుడు ఎక్స్‌రేలో గాలి ఎంతుందన్న దానికంటే మనిషి ఎలా ఉన్నాడన్నదే ఎక్కువ చూస్తున్నారు. ఆయాసం ఎక్కువైతే సూదితో గాలి లాగుతారు, లేదా పైపు వేస్తారు. క్షయ, సీఓపీడీ లాంటి జబ్బున్నవాళ్ల విషయం వేరు. వాళ్లకు కొద్దిపాటి గాలే ప్రమాదం.

ఒక్క పరిస్థితిలో మాత్రం వేచి చూడటమనేదే ఉండదు. చిట్లిన చోటు వన్‌వే వాల్వులా మారితే గాలి లోపలికి పోతూనే ఉంటుంది, తిరిగి రాదు. ఒత్తిడి పెరిగి గుండెకు రక్తం చేరే దారి నొక్కుకుపోతుంది. నాడి వేగం హెచ్చుతుంది, బీపీ పడిపోతుంది, పెదాలు నీలంగా మారతాయి. అప్పుడు ఎక్స్‌రే కోసం ఆగకుండా వెంటనే సూది గుచ్చి గాలి వదిలేస్తారు.

తగ్గాక కూడా ఈ జబ్బు మళ్లీ రావచ్చు. సుమారు ముగ్గురిలో ఒకరికి తిరిగి వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. రెండోసారి వస్తే చాలామందికి కెమెరా సర్జరీ సూచిస్తారు. బుడగలున్న భాగం తీసేసి, ఊపిరితిత్తిని ఛాతీ గోడకు అంటుకునేలా చేస్తారు. ఆగస్టులో అమెరికా చదువుకి టికెట్ కొన్న కుర్రాడైతే ఇంకో లెక్క చూసుకోవాలి. విమానం పైకెళ్లాక క్యాబిన్‌లో పీడనం తగ్గి, ఛాతీలో చిక్కిన గాలి సుమారు మూడో వంతు ఉబ్బుతుంది. ఎక్స్‌రేలో గాలి పూర్తిగా పోయిందని తేలాక కనీసం ఒక వారం ఆగి ఎక్కమంటారు. అండమాన్‌లో స్కూబా డైవింగ్ లాంటి ముచ్చట్లు మాత్రం రెండు పక్కలా ఆపరేషన్ అయి, నిపుణులు సరేనంటే తప్ప జీవితాంతం వద్దంటారు.