0.81 చూసి మురిసిపోవద్దన్న రిఫరీ

జర్నల్‌కు వచ్చిన పరిశోధన పత్రాన్ని సంపాదకుడు అదే రంగంలో పనిచేసే ఒకరిద్దరికి పంపుతాడు. వాళ్లు చాలాసార్లు పేరు బయటపెట్టకుండా రాసిచ్చే అభిప్రాయమే రిఫరీ రిపోర్టు. అందులో తరచూ కనబడే ఫిర్యాదు ఒకటుంది. అది అర్థం కావడానికి ఒక ఊహా పత్రాన్ని తీసుకుందాం.

వేరుశనగ దిగుబడికి వాతావరణమే కారణమని చూపడానికి రచయితలు 30 ఏళ్ల లెక్కలు తీసుకున్నారు. జూన్ వాన, జులై వాన, రాత్రి ఉష్ణోగ్రత, వానల మధ్య విరామం... ఇలా 15 అంశాలను రిగ్రెషన్‌లో పెట్టారు. ఆర్-స్క్వేర్ 0.81 వచ్చింది. అంటే దిగుబడి హెచ్చుతగ్గుల్లో 81 శాతాన్ని ఈ అంశాలే వివరిస్తున్నాయన్నమాట. వినడానికి బాగుంది.

రిఫరీ మొదట చేసేది చిన్న భాగహారం. దిగుబడితో ఏ సంబంధమూ లేని 15 అంశాలు పెట్టినా, 30 పరిశీలనల మీద ఆర్-స్క్వేర్ సగటున 15/29, అంటే 0.52 దాకా దానంతటదే వస్తుంది. అంశాల సంఖ్యను బట్టి సవరించి చూస్తే 0.81 కాస్తా 0.61కి దిగుతుంది. అదీ తక్కువేం కాదుగా అనిపించొచ్చు. కానీ ఆ 15 అంశాలను 40 అంశాలు ప్రయత్నించి ఏరుకుని ఉంటే, ఆ సంగతి సవరణకు తెలియదు. అసలు చిక్కు అక్కడే.

ఈ ఏరివేత ఎంత మోసగించగలదో గణాంకవేత్త డేవిడ్ ఫ్రీడ్‌మన్ 1983లో చూపించాడు. కంప్యూటర్‌తో ఒట్టి యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించి, 100 పరిశీలనలకు 50 అంశాలతో రిగ్రెషన్ నడిపాడు. ఆర్-స్క్వేర్ 0.50 వచ్చింది. 5 శాతం పరీక్షలో నెగ్గింది ఒక్క అంశమే. తర్వాత కాస్త ఆశాజనకంగా కనబడ్డ 15 అంశాలను మాత్రమే ఉంచి మళ్లీ నడిపితే, ఈసారి ఆరు నెగ్గాయి. అంకెల్లో మాత్రం ఏ సంబంధమూ లేదు! పత్రంలో రెండో పట్టికను మాత్రమే అచ్చువేస్తే పాఠకుడికి అనుమానం కూడా రాదు.

అందుకే మన రిఫరీ ఒక్కో ఏడాదిని పక్కన పెట్టి, మిగతా 29 ఏళ్లతో దాని దిగుబడిని అంచనా వేసి చూపమంటాడు. అంశాల ఏరివేత కూడా ప్రతిసారీ మొదటినుంచి జరగాలని షరతు పెడతాడు. ముందే 30 ఏళ్లూ చూసి ఏరుకున్నాక చేసే పరీక్ష, జవాబులు చూశాక రాసే పరీక్షే.

రెండో అభ్యంతరం, చూపించని తనిఖీలు. అసలు దిగుబడికీ లెక్క చెప్పిన దిగుబడికీ మధ్య మిగిలిన తేడాలను ఏడాది వరుసలో చుక్కలుగా పెట్టిన బొమ్మ పత్రంలో లేదు. తొలి ఏళ్లలో చుక్కలు చాలావరకు సున్నాకు కింద, చివరి ఏళ్లలో పైన ఉంటే, దిగుబడిని పెంచింది వాన కాదు, కొత్త విత్తనమో బోరు నీళ్లో అయ్యుండొచ్చు. ఒక్క తీవ్ర కరవు ఏడాదిని తీసేస్తే జులై వాన గుణకం గుర్తే తారుమారవుతుందా అన్నదీ చెప్పలేదు. ఇవి సాఫ్ట్‌వేర్‌లో నిమిషాల పని. కాబట్టి చేయలేదో, చేసి దాచారో రిఫరీకి తెలియదు. ‘చేసి చూపండి’ అని మాత్రమే రాస్తాడు, ఆరోపించడు.

పత్రాన్ని సరిదిద్దడానికి రచయితలకున్న దారి ఇరుకైనదే. 30 ఏళ్లను 60 చేయలేరు. పంట శాస్త్రం ప్రకారం ముందే ఎంచుకున్న రెండు మూడు అంశాలకు పరిమితమై, వచ్చిన చిన్న ఆర్-స్క్వేర్‌నే అచ్చువేయాలి.