బటన్ మీద మాట, కొనేవారి సందేహం

ఆన్‌లైన్ ఫర్నిచర్ దుకాణంలో మంచాన్నో బీరువానో ఎంచుకొని, ధర కూడా నచ్చిన తరువాత చివరి రెండు మూడు తెరల దగ్గర ఆగిపోయేవారు చాలామంది ఉంటారు. ఆన్‌లైన్ కొనుగోళ్లను అధ్యయనం చేసే డెన్మార్క్ సంస్థ బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ లెక్కల ప్రకారం, అన్ని రకాల సరుకులనూ కలిపి చూస్తే, కార్ట్‌లో వేసినవాటిలో సుమారు 70 శాతం కొనుగోలు దాకా వెళ్లవు. అలా వదిలేసి వెళ్లేవారిలో ఊరికే చూసి పోయేవారు చాలామంది ఉంటారు కాబట్టి ఆ అంకె అంతా నష్టం కింద లెక్కకు రాదు. నిజంగా కొనాలనుకొని, జవాబు దొరకని ఒక ప్రశ్న వల్ల వెనుదిరిగినవారే ఇక్కడ పరిశీలించదగినవారు. వారిని ఆపేది చాలాసార్లు బటన్ మీద ఉన్న మాట, లేదా దాని కింద ఉండవలసి ఉండీ లేని ఒక చిన్న వాక్యం. తెర మీద బటన్ల పైన, గడుల పక్కన రాసే ఇటువంటి పొట్టి మాటలను మైక్రోకాపీ అంటారు.

సరుకు కొనడమంటే నష్టభయాన్ని మోయడమేనని మార్కెటింగ్ పరిశోధకుడు రేమండ్ బావర్ 1960లోనే ప్రతిపాదించాడు. ఫర్నిచర్ విషయంలో ఈ భయం చొక్కా కొన్నప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఎందుకంటే వస్తువు ఖరీదైనది, బరువైనది, కొలత తప్పితే గుమ్మం దాటి లోపలికి రాదు, తిప్పి పంపాలంటే మళ్లీ బండి కావాలి. అందువల్ల దుకాణం ఎంత గొప్పదో చెప్పే మాటలు ఇక్కడ పెద్దగా పనిచేయవు. ఈ బటన్ నొక్కితే ఏమవుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఆ తరువాత మనసు మార్చుకోవచ్చా అన్న మూడు ప్రశ్నలకు, అవి పుట్టిన చోటనే జవాబు చెప్పే మాటలు పనిచేస్తాయి.

బటన్ అడిగే నిర్ణయం కొనేవారు అప్పటికి చేరుకున్న నిర్ణయం కంటే పెద్దదైతే చేయి వెనక్కి పోతుంది. గూగుల్ తన హోటళ్ల వెతుకులాటలో ‘గది బుక్ చేయండి’ అన్న అర్థమిచ్చే బటన్‌ను ‘ఖాళీ ఉందేమో చూడండి’ అన్న అర్థానికి మార్చగా స్పందన 17 శాతం పెరిగిందని ఆ సంస్థ ప్రతినిధులు 2017లో ప్రకటించారు. ధరలూ తేదీలూ ఇంకా పోల్చుకుంటున్న మనిషిని బుక్ చేయమనడం తొందరపెట్టడమే. అమెరికాకు చెందిన వెబ్‌సైట్ల వాడుక నిపుణుడు జారెడ్ స్పూల్ 2009లో వివరించిన ఉదంతం ఇంతకంటే ప్రసిద్ధం: ఒక పెద్ద దుకాణంలో చెల్లింపుకు ముందు ‘రిజిస్టర్’ అనే బటన్ అడ్డు నిలిచేది, దాని స్థానంలో ‘కొనసాగించు’ అనే బటన్‌ను, కొనడానికి ఖాతా తెరవనక్కరలేదని చెప్పే ఒక వాక్యాన్ని ఉంచాక, కొనుగోలు పూర్తిచేసినవారు 45 శాతం పెరిగారు. అయితే అక్కడ మాటతోపాటు నియమం కూడా మారింది. ఖాతా తప్పనిసరిగానే ఉంచి బటన్ మీది పేరు ఒక్కటే మార్చి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు.

ఈ సూత్రం ఒక మారుమూల చిరునామాకు ఎలా వర్తిస్తుందో చూడడానికి శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం నుంచి ఎవరో ₹24,900 ధర గల టేకు మంచాన్ని చూస్తున్నారని అనుకోవచ్చు. హైదరాబాదులోని కొనుగోలుదారుకు రంగు, ధర మొదటి ప్రశ్నలు కావచ్చు. ఇక్కడ మొదటి ప్రశ్న మంచం ఊరికి వస్తుందా అన్నదే. ఆ తెర మీద ‘ఇప్పుడే కొనండి’ అన్న బటన్ ఒక్కటే ఉంటే, జవాబు తెలియాలంటే కొనడానికి సిద్ధపడాలి. దానికి పైన పిన్ కోడ్ గడిని, పక్కన ‘మా ఊరికి వస్తుందా?’ అన్న బటన్‌ను ఉంచితే అడిగే పని చిన్నదవుతుంది.

జవాబులోనే అసలు నేర్పు ఉంది. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్‌లో మొదటి మూడంకెలు ఉత్తరాలను వేరుచేసే జిల్లాను సూచిస్తాయి, శ్రీకాకుళం వైపు అవి 532. చివరి మూడంకెలు తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. ఒక కార్యాలయం కింద పలు ఊళ్లు ఉండవచ్చు కాబట్టి, ‘డెలివరీ ఉంది’ అన్న ముక్తసరి మాట సగం నిజమే అవుతుంది. ‘శ్రీముఖలింగానికి డెలివరీ ఉంది. 12 నుంచి 16 రోజులు పడుతుంది. రవాణా ₹1,450. లారీ వెళ్లగలిగిన చోటు వరకు తెచ్చి దించుతాం. ఇంట్లోకి మోయించుకోవడం మీ బాధ్యత’ అన్న జవాబు నాలుగు సందేహాలను ఒకేసారి తీరుస్తుంది. చివరి వాక్యం కొందరిని వెనక్కి పంపుతుందని దుకాణదారు భయపడవచ్చు, కాని ఆ సంగతి వీధి మొదట్లో లారీ ఆగాక తెలిస్తే మంచం తిరుగు ప్రయాణం కడుతుంది, రెండు వైపుల కిరాయి దుకాణం మీదే పడుతుంది.

తరువాతి తెరలో చిరునామా గడులు ఉంటాయి. ఫోన్ నంబరు అడిగే చోట ‘దారి అడగడానికి లారీ డ్రైవరు ఈ నంబరుకు ఫోన్ చేస్తారు’ అని కారణం చెబితే ప్రకటనల ఫోన్లు వస్తాయన్న అనుమానం తగ్గుతుంది. ఆ నంబరును నిజంగా ప్రకటనలకు వాడే దుకాణం ఈ మాట రాయకూడదు. మైక్రోకాపీ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన జాషువా పోర్టర్ కూడా 2009లో ఇటువంటి ఉదాహరణే ఇచ్చాడు: కార్డుకు అనుబంధమైన చిరునామానే రాయమని ఒక్క వాక్యం చేర్చగానే తప్పు చిరునామాల వల్ల విఫలమవుతున్న చెల్లింపుల సమస్య తీరిపోయింది.

ఈ తెర కింద బటన్ మీద ‘సబ్మిట్’ అని కాక ‘చెల్లింపుకు వెళ్లండి’ అని, దాని కింద ‘ఇప్పుడే డబ్బు కట్ కాదు’ అని ఉండడం మేలు, ఎందుకంటే ఏ నొక్కుతో డబ్బు పోతుందో తెలియనివారు ప్రతి నొక్కుకూ జంకుతారు. డబ్బు నిజంగా కదిలే చివరి బటన్ మాత్రం ఆ సంగతి దాచకూడదు: ‘యూపీఐతో ₹26,350 చెల్లించండి’. మంచం ధర, రవాణా కలిపిన ఆ అంకె మొదటి తెరలో తేలిన అంకెతో రూపాయి తేడా లేకుండా సరిపోవాలి. దాని పైన ‘విడిభాగాలుగా వస్తుంది, మా వడ్రంగి బిగిస్తాడు, లారీ బయలుదేరే వరకు రద్దు చేసుకోవచ్చు, డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాం’ అన్న రెండు ముక్కలు చాలు.

సందేహం తీర్చడానికీ సందేహించే వ్యవధి ఇవ్వకపోవడానికీ మధ్య చట్టం కూడా గీత గీసింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలు 13 రకాల మాయలను నిషేధించాయి. ధరలో కొంత భాగాన్ని చివరిదాకా దాచడం, అడగని బీమానో విరాళాన్నో కార్ట్‌లో చాటుగా చేర్చడం, లేని కొరతను చూపించి తొందరపెట్టడం వాటిలో ఉన్నాయి. గోదాములో 40 మంచాలు ఉండగా ‘ఒక్కటే మిగిలింది’ అని రాయడం ఇప్పుడు అనైతికమే కాదు, నిషిద్ధం కూడా.

మార్చిన మాట పనిచేసిందో లేదో తేల్చడం చిన్న దుకాణానికి తేలిక కాదు. వచ్చినవారిని రెండు భాగాలు చేసి, ఒకరికి పాత మాటను, మరొకరికి కొత్త మాటను చూపించి పోల్చే పరీక్షలో, కొనేవారు 100కు 2 నుంచి 2.4కు పెరిగారని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో భాగానికి సుమారు 21 వేల మంది సందర్శకులు కావాలి. నెలకు రెండు వేల మంది చూసే దుకాణం ఒక వారపు అంకెలు చూసి సంబరపడితే అది యాదృచ్ఛికపు హెచ్చుతగ్గులను ఫలితమనుకోవడమే. నొక్కుల సంఖ్యను మాత్రమే చూడడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే తొందరపెట్టే మాట నొక్కులను పెంచుతూనే రద్దులనూ వాపసులనూ కూడా పెంచగలదు. కాబట్టి ఇంటికి చేరి నిలిచిన ఆర్డర్లనే లెక్కించాలి.

అంతమంది సందర్శకులు లేని దుకాణానికి ఫోన్ కాల్స్ పుస్తకమే మంచి ఆధారం. ఆర్డరుకు ముందు ఫోన్ చేసినవారు అడిగిన ప్రశ్నలను నెల పాటు వారి మాటల్లోనే రాసి పెట్టి, ప్రతి ప్రశ్న పక్కన అది ఏ తెర దగ్గర పుట్టిందో గుర్తిస్తే, ఏ వాక్యం ఎక్కడ లేదో బయటపడుతుంది. ‘మేడ మీదికి ఎక్కిస్తారా?’ అన్న ప్రశ్న పదేపదే వస్తుంటే రవాణా వరుస కింద దానికి జవాబు చేర్చి, వచ్చే నెల ఆ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో మళ్లీ లెక్కించవచ్చు. తగ్గకపోతే ఆ వాక్యం చూపు పడని చోట ఉండి ఉండాలి, లేదా చదివినవారికి దాని మీద నమ్మకం కుదిరి ఉండకపోవచ్చు. ఆరుగురు కొనుగోలుదారుల పక్కన కూర్చొని వారు తమ ఫోన్లలో ఆర్డరు పెట్టే తీరును గమనిస్తే ఈ రెండింటిలో ఏది కారణమో చాలావరకు తేలిపోతుంది.