ఏడో తారీఖు లెక్క

"నెలకు పంతొమ్మిది వేలు మిగులుతోందని మీరే చూపించారు కదా సార్. మరి జీతాల రోజు వచ్చేసరికి గాజులు తాకట్టు ఎందుకు పెట్టాల్సి వస్తోంది?"

కూకట్‌పల్లిలో హౌస్‌కీపింగ్ సంస్థ నడిపే ఒకావిడ నన్ను అడిగిన ప్రశ్న ఇది. చిన్న సంస్థల ఖాతాలు రాయడమే నా పని. ఆమె దగ్గర 20 మంది పనిచేస్తారు. ఎనిమిది మంది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఏడుగురు ఒక అపార్ట్‌మెంట్‌లో, అయిదుగురు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉంటారు. నేను చూపించిన లాభం అబద్ధం కాదు, ఆమె పడుతున్న కటకటా అబద్ధం కాదు. లాభనష్టాల పట్టీ బిల్లు రాసిన రోజునే డబ్బు వచ్చినట్టు లెక్కేస్తుంది. ఆ డబ్బు బ్యాంకులో పడేది ఏ రోజన్నది దానికి పట్టదు. ఆమెకు కావాల్సింది అది కాదు, తారీఖుల వారీగా రాసిన ఇంకో లెక్క. ఆ రోజు ఇద్దరం కూర్చుని ఒక నోటుపుస్తకంలో రాశాం. అంకెలు సులువుగా ఉండేలా ఇక్కడ కాస్త గుండ్రం చేస్తున్నాను.

ముందు పోయే డబ్బు రాశాం, ఎందుకంటే ఆ తేదీలు మన చేతిలో ఉండవు. ఒక్కొక్కరి జీతం 15,000. ఉద్యోగి వాటా పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 13,087 వస్తుంది. 20 మందికి కలిపి దాదాపు 2,62,000. ఇది 7వ తేదీకి పడాలి. రెండు వాటాలూ కలిపి పీఎఫ్, ఈఎస్ఐ 87,000 అవుతాయి, 15వ తేదీలోగా కట్టాలి. నెలనెలా రిటర్ను వేస్తుంది కాబట్టి జీఎస్టీ 20వ తేదీకి. ఫినాయిలు, మాపులు కొన్నప్పుడు కట్టిన పన్ను తీసేస్తే అది 69,000. సరుకు, అద్దె, పెట్రోలు 32,000, ఇంటి ఖర్చుకు ఆమె తీసుకునేది 18,000, ఈ రెండూ నెల చివర్న. చాలామంది యజమానులు ఈ చివరిదాన్ని రాయరు. కానీ ఇంటికి తీసుకున్నదీ అదే ఖాతాలోంచి పోతుంది.

వచ్చే డబ్బు దగ్గరే అసలు చిక్కు. మనిషికి 20,000 చొప్పున బిల్లు, దానిపైన 18 శాతం జీఎస్టీ. ఆసుపత్రి ఒక శాతం టీడీఎస్ పట్టుకుని 1,87,200 వేస్తుంది. ఆఫీసు అలాగే 1,17,000. అపార్ట్‌మెంట్ వాళ్లు టీడీఎస్ పట్టుకోరు, 1,65,200 ఇస్తారు. ఎంత వస్తుందన్నది ఆమెకు నోటికి వచ్చు. ఎప్పుడు వస్తుందని అడిగితే మాత్రం కాంట్రాక్టు కాగితం చూసి, "ఆసుపత్రి 45 రోజులు" అన్నారు.

కాగితం పక్కన పెట్టి పాస్‌బుక్కు తెరవమన్నాను. కిందటి ఆరు బిల్లులు ఇచ్చిన తేదీ, డబ్బు పడిన తేదీ పక్కపక్కన రాస్తే ఆసుపత్రి సగటున 60 రోజులు తీసుకుంటోందని తేలింది. ఏప్రిల్ నెల పనికి మే 5న ఇచ్చిన బిల్లు కాగితం ప్రకారం జూన్ 19కి రావాలి. వాళ్ల అలవాటు ప్రకారం వచ్చేది జులై 4న. ఏప్రిల్ ఒకటిన గది తుడిచిన మనిషి కష్టానికి డబ్బు జులైలో వస్తోందన్న మాట. అందుకే ఈ లెక్కను కనీసం మూడు నెలలు ముందుకు రాసుకోవాలి. ఒక్క నెలకే రాస్తే ఇప్పుడు చేస్తున్న పని తాలూకు రూపాయి అందులో కనబడనే కనబడదు.

ఇప్పుడు జులై నెల చూడండి. ఒకటో తేదీన ఖాతాలో 1,40,000 ఉంది. నాలుగున ఆసుపత్రి డబ్బు, అయిదున ఆఫీసు డబ్బు పడితే 4,44,200 అవుతుంది. ఏడున జీతాలు పోగా 1,82,200. అపార్ట్‌మెంట్ సంఘంలో అధ్యక్షుడూ కోశాధికారీ ఇద్దరూ సంతకం పెడితేగానీ చెక్కు రాదు, కనుక వాళ్లది పన్నెండున. పీఎఫ్, జీఎస్టీ, మిగతా ఖర్చులన్నీ పోయాక నెలాఖరుకు 1,41,400 నిలుస్తుంది. మొదలుపెట్టినంతే మిగిలింది, అంతా సవ్యంగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

అలా అనిపించడమే ప్రమాదం. నెలాఖరు నిల్వను చూసి ధైర్యపడేవాళ్లకు ఏడో తేదీ ఉదయం కనబడదు. ప్రతి వరుస పక్కనా ఆ రోజు మిగిలే నిల్వ రాసుకుంటూ పోయి, నెలలో నిల్వ ఒక్కసారిగా ఎక్కువగా పడిపోయే రోజు చుట్టూ సున్నా చుట్టాలి. అది తేలాక ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ రోజుకు ముందు రావాల్సిన వాటిలో పెద్దది పది రోజులు ఆలస్యమైతే ఏమవుతుంది? ఆసుపత్రి డబ్బును పెన్సిలుతో 14వ తేదీకి జరిపాం. ఏడున చేతిలో 2,57,000, కావాల్సింది 2,62,000. అయిదు వేలు తక్కువ, ఎలాగో సర్దుకోవచ్చు. ఆఫీసు డబ్బు కూడా నాలుగు రోజులు జారితే? చేతిలో ఉన్నది ఆ 1,40,000 మాత్రమే. 1,22,000 తక్కువ. గాజులు తాకట్టుకు వెళ్లిన నెలలో సరిగ్గా ఇదే జరిగిందని పాస్‌బుక్కు చెప్పింది.

నిజానికి ఆమెకు నష్టం చేసింది ఆ తాకట్టు వడ్డీ కాదు. ఆ నెల జీతాలకోసం పీఎఫ్ డబ్బు వాడేసి, చలానా చాలా ఆలస్యంగా కట్టారు. దానికి పడే 12 శాతం వడ్డీ, ఆపైన జరిమానా ఒక సంగతి. అందులో కొంత ఉద్యోగుల జీతంలోంచి పట్టుకున్నది, అది ఆమె సొమ్మే కాదు. ఇంకో సంగతి ఉంది. హౌస్‌కీపింగ్ బిల్లుతోపాటు హాజరు పట్టీ, కిందటి నెల పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు జతచేస్తేగానీ పెద్ద క్లయింట్ల అకౌంట్స్ విభాగం బిల్లు ముట్టుకోదు. చలానా లేక ఆసుపత్రి బిల్లు పక్కన పెట్టేసింది. ఆ బిల్లు ఆలస్యం రెండు నెలల తరవాత ఇంకో జీతాల రోజు మీద పడింది. ఈ రంగంలో సంస్థలు మూతపడే దారి తరచూ ఇదే. ఒక నెల లోటును పూడ్చడానికి వాడుకున్న డబ్బే రాబోయే నెలల లోటును తెచ్చిపెడుతుంది. అందుకే ఎంత ఇబ్బంది వచ్చినా 15వ తేదీ డబ్బు ముట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

లోటు ముందే కనబడితే చేయగలిగినవి ఉన్నాయి. బిల్లు 5వ తేదీన వెళ్లడానికి కారణం ఏమిటని తవ్వితే, ఆసుపత్రి సూపర్‌వైజరు హాజరు పట్టీ మీద సంతకం పెట్టడానికి నాలుగు రోజులు పడుతోందని తెలిసింది. వారం వారం సంతకం తీసుకోవడం మొదలుపెట్టాక బిల్లు ఒకటో తేదీనే వెళుతోంది. అపార్ట్‌మెంట్ సంఘాన్ని పన్నెండు కాకుండా అయిదుకే చెక్కు ఇవ్వమని అడిగారు. ఇంటింటి మెయింటెనెన్సు నెల మొదట్లోనే వసూలవుతుంది కనుక వాళ్లు ఒప్పుకున్నారు. ఈ ఒక్క మార్పుతో ఏడుకు ముందు 1,65,200 ఖాతాలోకి చేరింది. పైన చెప్పిన 1,22,000 లోటు పూడ్చడానికి అది చాలు.

మిగిలిన భయానికి బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ పెట్టుకున్నారు. వాడుకున్నంతకే, వాడుకున్నన్ని రోజులకే వడ్డీ. 12 శాతం అనుకుంటే 1,22,000 పది రోజులు వాడినందుకు పడేది దాదాపు 400 రూపాయలు. కానీ దాన్ని ఆరో తేదీన వెళ్లి అడిగితే ఇవ్వరు. కాగితాలకూ పరిశీలనకూ వారాలు పడతాయి. లోటు రాబోతోందని ఆ వారాలకు ముందే తెలియాలి.

చట్టం సాయం కూడా కొంత ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. ఉన్న క్లయింటు మీద ఫిర్యాదు చేసే చిన్న యజమానులు అరుదు, వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా తోడైంది. గడువు దాటినా కట్టని బాకీని, కట్టేదాకా క్లయింటు తన ఖర్చుగా చూపించుకోలేడు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయించి, మార్చి మొదటి వారంలో బాకీల పట్టిక మర్యాదగా పంపమన్నాను. అది ఫిర్యాదు కాదు, వాళ్ల ఆడిటరుకు పనికొచ్చే సమాచారం.

ఇదంతా కుదురుకున్నాక ఆమె సంతోషంగా ఫోను చేశారు. ఆసుపత్రి కొత్త బ్లాకుకు ఆగస్టు ఒకటి నుంచి పది మందిని అడిగిందట, అవే రేట్లు, అవే 60 రోజులు. నోటుపుస్తకం తీయమన్నాను. ఆగస్టు పనికి సెప్టెంబరు 1న బిల్లు ఇస్తే డబ్బు అక్టోబరు 31న. ఈలోగా సెప్టెంబరు ఏడున జీతాలు 1,31,000, పదిహేనున పీఎఫ్, ఈఎస్ఐ 43,500. అక్టోబరులో మళ్లీ అంతే. అక్టోబరు 20న ఇంకా చేతికి రాని బిల్లు మీద జీఎస్టీ 36,000. తొలి రూపాయి రాకముందే 3,85,000 పెట్టాలి, సరుకు కాక. నెలకు మిగిలేది పదిహేను వేలు.

ఈ లోటు వేరే రకం. ఏడో తేదీన వచ్చి పద్నాలుగున పోయేది కాదు. ఆ కాంట్రాక్టు నడిచినన్నాళ్లూ అంత డబ్బూ అందులోనే ఇరుక్కుని ఉంటుంది. పది రోజుల అవసరానికి పెట్టుకున్న ఓవర్‌డ్రాఫ్ట్‌ను దీనికి వాడేస్తే, మామూలు జీతాల రోజుకు ఇక ఆసరా మిగలదు.

ఆమె కొత్త బ్లాకును వదులుకోలేదు. నోటుపుస్తకం తీసుకుని ఆసుపత్రికే వెళ్లి, ఈ పది మంది బిల్లుకు 30 రోజులైతేనే కుదురుతుందని చెప్పారు. 30 రోజులైతే తొలి డబ్బు అక్టోబరు 1న వస్తుంది. ముందు పెట్టాల్సింది 1,74,500కి దిగుతుంది. వాళ్లు వారం ఆలోచించి, సగం మందికే అయితే సరేనన్నారు. అయిదుగురితో మొదలుపెట్టారు. పుస్తకంలో సెప్టెంబరు ఏడో తేదీ వరుసలో 2,62,000 చెరిపి 3,27,500 అని రాసుకున్నారు.