డెబిట్ తేదీ ఒకటి, గడువు తేదీ ఒకటి

బీమా పాలసీకి ఆటో డెబిట్ పెట్టుకున్న కొద్ది రోజులకు కంపెనీ నుంచి ఓ ఉత్తరం వస్తుంది. ఈమధ్య ఎక్కువగా ఈమెయిల్‌గానో, ఫోనుకు పీడీఎఫ్‌గానో వస్తోంది. మీ మ్యాండేట్ నమోదైంది, ఫలానా ఖాతా నుంచి ఫలానా తేదీన ప్రీమియం తీసుకుంటాం అన్నది దాని సారాంశం. మొదటి పేరా చూసి, ఇక మనం కట్టే పని లేదనుకుని చాలామంది దాన్ని పక్కన పెట్టేస్తారు. అసలు విషయం మాత్రం ఆ పేరా కింద ఉంటుంది. డబ్బు అడిగే పని కంపెనీ చేస్తుంది, ఇచ్చే పని బ్యాంకు చేస్తుంది. ప్రీమియం సమయానికి చేరకపోతే పోయేది మాత్రం పాలసీదారు రక్షణే. బ్యాంకు తప్పిందనో, మెసేజ్ రాలేదనో చెప్పినంత మాత్రాన ఆగిపోయిన పాలసీ తిరిగి నిలబడదు.

ముందు మ్యాండేట్ సంగతి చూద్దాం. మన ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి కంపెనీకి మనం ఇచ్చే అనుమతి పత్రమే మ్యాండేట్. ఎక్కువగా ఇది ఎన్‌పీసీఐ నడిపే నాచ్ వ్యవస్థ ద్వారా పనిచేస్తుంది. కాగితం మీద ఇస్తే ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ రాసి, బ్యాంకులో ఉన్న సంతకమే పెట్టి, క్యాన్సిల్ చేసిన చెక్కు జత చేయాలి. ఇద్దరూ కలిసి సంతకం చేయాల్సిన జాయింట్ ఖాతా అయితే ఈ ఫారం మీదా ఇద్దరి సంతకాలూ ఉండాలి. కాగితం కంపెనీ నుంచి బ్యాంకుకు వెళ్లి, సంతకం సరిచూశాకే నమోదవుతుంది కాబట్టి దీనికి సమయం పడుతుంది. నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు లేదా ఆధార్ ఓటీపీతో ఇచ్చే ఈ-మ్యాండేట్‌కు సంతకం గొడవ లేదు, త్వరగా అయిపోతుంది. ఎలా ఇచ్చినా నమోదయ్యాక యూఎంఆర్ఎన్ అనే 20 అక్షరాల నంబరు వస్తుంది. ఉత్తరంలో ఆ నంబరు కనిపించాలి. అది వచ్చేవరకు మ్యాండేట్ లేనట్టే లెక్క. ఆలోగా పడే కిస్తీని మనమే చేత్తో కట్టుకోవాలి.

ఫారంలో అందరూ చూసీచూడనట్టు వదిలేసే గడి ఒకటుంది. తీసుకునే మొత్తం స్థిరమా, గరిష్ఠ పరిమితా అని అందులో అడుగుతారు. గరిష్ఠ పరిమితి అంటే ఒక్కసారికి అంతకు మించి తీయకూడదని మనం పెట్టే హద్దు. అది ప్రీమియం కంటే ఎక్కువగా కనిపించేసరికి కొందరు కంగారుపడతారు. పరిమితి 3,000 అని రాసినంత మాత్రాన ప్రతి నెలా మూడు వేలు తీసుకోరు, ఆ నెల ప్రీమియం ఎంతో అంతే అడుగుతారు. పరిమితిని మరీ బిగించి పెడితేనే చిక్కు. వయసు పెరిగి ఆరోగ్య బీమా ప్రీమియం పెరిగితే కొత్త మొత్తం పాత హద్దు దాటుతుంది, డెబిట్ తిరిగొస్తుంది. ఖాతాలో లక్ష రూపాయలున్నా ఇదే జరుగుతుంది. జీవిత బీమాలో ఈ బెడద కాస్త తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు కాబట్టి, అంతకుముందు తీసుకున్నవారి మ్యాండేట్‌లో పరిమితి ఇప్పటి కిస్తీకి సరిపడానే ఉంటుంది.

ఇక తేదీలు. ఉత్తరంలో రెండు తేదీలు ఉంటాయి, రెండూ ఒకటే అనుకుంటే మోసపోతాం. ప్రీమియం గడువు తేదీ పాలసీ మొదలైన రోజును బట్టి వస్తుంది, అది పాలసీ పత్రంలో ఉంటుంది. డెబిట్ తేదీ అంటే కంపెనీ బ్యాంకును డబ్బు అడిగే రోజు. రెండూ ఒకే రోజు కావచ్చు, కాకపోవచ్చు. కొన్ని కంపెనీలు డెబిట్ తేదీని మనల్నే ఎంచుకోమంటాయి. అలాంటప్పుడు జీతం పడే రోజుకు రెండు మూడు రోజుల తర్వాతి తేదీ పెట్టుకోవడం మేలు. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వారంలో ఏడు రోజులూ నడుస్తోంది. ఆదివారం, పండగ అని డెబిట్ మర్నాటికి వాయిదా పడుతుందని నమ్ముకోవద్దు. తెల్లవారేసరికే బ్యాంకు ఆ అభ్యర్థనను తీసుకోవచ్చు కాబట్టి డబ్బు ముందురోజు సాయంత్రానికే ఖాతాలో ఉండాలి.

యూపీఐ ఆటోపే పెట్టుకున్నవారికి ఇక్కడ ఓ వెసులుబాటు ఉంది. డబ్బు కోసే 24 గంటల ముందు ఫోనుకు సమాచారం రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన. బీమా ప్రీమియమైతే లక్ష రూపాయల వరకు ప్రతిసారీ పిన్ కొట్టే అవసరమూ లేదు. కార్డు మీద పెట్టిన ఆటో డెబిట్‌కూ ఈ ముందస్తు సమాచారం నిబంధన ఉంది. నాచ్ మ్యాండేట్‌కు మాత్రం అది వర్తించదు. చాలా కంపెనీలు తమంతట తాము మెసేజ్ పంపుతాయి, మంచిదే. కానీ మెసేజ్ వస్తేనే డబ్బు సిద్ధం చేద్దామని కూర్చోకూడదు.

డెబిట్ తప్పితే ఏమవుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. ఖమ్మంలో ఓ ప్రైవేటు స్కూలు టీచరు ఉందనుకుందాం, పేరు రమ. నెలవారీ టర్మ్ పాలసీ, కిస్తీ 1,850 రూపాయలు. గడువు తేదీ, డెబిట్ తేదీ రెండూ ప్రతి నెలా 5. మ్యాండేట్ పరిమితి 3,000. ఈ నెల జీతం ఆలస్యమైంది. ఉన్న డబ్బులో ఫ్రిజ్ ఈఎంఐ ముందు పోయింది, ఖాతాలో 1,600 మిగిలింది. బీమా కంపెనీ 1,850 అడిగింది. బ్యాంకు ఉన్నంత ఇచ్చి మిగతాది తర్వాత ఇవ్వదు, మొత్తాన్నీ తిప్పి పంపేస్తుంది. పైగా తిరిగొచ్చినందుకు ఛార్జీ వేస్తుంది. ఆ బ్యాంకు ఛార్జీ 250 అనుకుంటే 18 శాతం జీఎస్టీతో 295 అవుతుంది. రమ ఖాతాలో ఇక మిగిలేది 1,305 రూపాయలే.

కంపెనీ నుంచి 'మీ ప్రీమియం అందలేదు' అని రెండు రోజుల తర్వాత, 7న మెసేజ్ వచ్చింది. పాలసీ అప్పుడే రద్దు కాదు. నెలవారీ కిస్తీకి 15 రోజులు, మూడు నెలలకో ఆరు నెలలకో ఏడాదికో కట్టేవాటికి 30 రోజులు గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ రోజులు లెక్కపెట్టేది 5 నుంచి, అంటే గడువు తేదీ నుంచి. డెబిట్ తిరిగొచ్చిన రోజు నుంచి కాదు, మెసేజ్ వచ్చిన 7 నుంచి అసలే కాదు. కాబట్టి రమకు 20వ తేదీ వరకే సమయం. డెబిట్ తేదీ గడువు కంటే వెనక ఉన్నవారికి ఇంకా తక్కువ మిగులుతుంది. గడువు 5, డెబిట్ 15 అయితే, తిరిగొచ్చాక చేతిలో ఉండేది ఐదు రోజులే.

గ్రేస్ పీరియడ్‌లో రక్షణ కొనసాగుతుంది. రమకు 18న ఏదైనా జరిగితే కంపెనీ బాకీ కిస్తీ మినహాయించుకుని మిగతా బీమా మొత్తం ఆమె కుటుంబానికి ఇవ్వాలి. అదే 22న జరిగితే, టర్మ్ పాలసీ కాబట్టి కుటుంబానికి ఏమీ రాదు.

ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడేది. 'పర్లేదు, వచ్చే నెల రెండు కిస్తీలూ కలిపి కోసుకుంటారు' అనుకుంటారు. రమ విషయంలో రెండు కిస్తీలు కలిపితే 3,700. మ్యాండేట్ హద్దు 3,000. అడిగినా బ్యాంకు ఇవ్వదు. హద్దు సరిపోయినా, వచ్చే నెల 5 నాటికి గ్రేస్ దాటి పాలసీ ల్యాప్స్ అయి ఉంటుంది, ల్యాప్స్ అయిన పాలసీకి కంపెనీ మామూలుగా డెబిట్ పంపదు. గ్రేస్‌లోనే మరోసారి డెబిట్ ప్రయత్నించే కంపెనీలూ ఉన్నాయి, ప్రయత్నించనివీ ఉన్నాయి. ఉత్తరంలో ఆ మాట ఉందో లేదో వెతకండి. లేకపోతే మెసేజ్ వచ్చిన వెంటనే కంపెనీ వెబ్‌సైట్‌లోనో శాఖలోనో కట్టేసి రసీదు తీసుకోవడమే సరైన దారి. మళ్లీ డెబిట్ పంపుతామని కంపెనీ చెప్పి ఉంటే, ఇలా కట్టే ముందు ఒక ఫోన్ చేసి కనుక్కోండి, రెండుసార్లు పోకుండా ఉంటుంది.

ల్యాప్స్ అయిన పాలసీని బతికించుకునే వీలుంది. కట్టని మొదటి కిస్తీ నుంచి ఐదేళ్లలోపు పునరుద్ధరించుకోవచ్చు, యూలిప్‌కైతే మూడేళ్లు. అయితే బాకీ, దానిపై వడ్డీ కట్టడంతో పని అయిపోదు. ఆరోగ్యం బాగానే ఉందని రాసివ్వాలి, అవసరమైతే పరీక్షలు చేయించుకోవాలి. ఈలోగా రమకు షుగర్ బయటపడితే అది చెప్పాలి. అప్పుడు కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, కాదనవచ్చు కూడా. దీనికంటే తక్కువమందికి తెలిసిన నష్టం మరొకటుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండిన పాలసీని సమాచారం దాచారన్న కారణంతో కంపెనీ ప్రశ్నించలేదు. పునరుద్ధరిస్తే ఆ మూడేళ్ల లెక్క పునరుద్ధరించిన తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. పదేళ్లుగా కట్టిన పాలసీ కూడా ఒక్క కిస్తీ నిర్లక్ష్యంతో ఆ విషయంలో కొత్త పాలసీ స్థితికి వచ్చేస్తుంది. నాకు చాలా బాధ కలిగించే నష్టం ఇదే, ఎందుకంటే దాని సంగతి కుటుంబానికి తెలిసేది క్లెయిమ్ పెట్టినప్పుడే.

ఆరోగ్య బీమాలో గ్రేస్ కాస్త వేరుగా ఉంటుంది. కిస్తీల్లో కట్టే పాలసీకి గ్రేస్ రోజుల్లోనూ రక్షణ ఉంటుంది. ఏడాదికోసారి కట్టేదానికి 30 రోజుల గ్రేస్ వల్ల పాత పాలసీ కొనసాగింపు, నిరీక్షణ కాలం లెక్క పోకుండా ఉంటాయి. మధ్యలో ఆసుపత్రిలో చేరితే మాత్రం ఆ ఖర్చు రాదు.

డబ్బు చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. చాలాకాలం లావాదేవీలు లేక ఖాతా స్తంభించినా, కేవైసీ పెండింగ్‌లో ఉన్నా డెబిట్ తిరిగొస్తుంది. ఖాతా మూసేసి కొత్త బ్యాంకుకు మారితే పాత మ్యాండేట్ వెంట రాదు, మళ్లీ కొత్తగా ఇవ్వాలి. మన దగ్గర బ్యాంకుల విలీనాలు చాలానే జరిగాయి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, 2025లో గ్రామీణ బ్యాంకులు రెండు రాష్ట్రాల్లోనూ కొత్త రూపు తీసుకున్నాయి. అలాంటి ఖాతా నుంచి ప్రీమియం పోతుంటే, విలీనం తర్వాత వచ్చే మొదటి కిస్తీ నిజంగా పోయిందో లేదో పాస్‌బుక్‌లో చూడటం మంచిది.

ఇంటి పెద్ద ఒకరి ఖాతా నుంచే అందరి పాలసీల ప్రీమియాలూ పోతుండటం మన ఇళ్లలో మామూలే. ఆయన చనిపోయారని తెలియగానే బ్యాంకు ఖాతాను నిలిపేస్తుంది. దాంతో భార్య పాలసీ, పిల్లల పాలసీ, ఇంటి ఆరోగ్య బీమా అన్నింటి డెబిట్లూ ఒక్కొక్కటిగా తిరిగిరావడం మొదలవుతుంది. హెచ్చరిక మెసేజ్‌లు ఎవరూ చూడని ఆయన ఫోనుకే వెళ్తుంటాయి. బ్యాంకులో మరణ ధ్రువపత్రం ఇచ్చిన రోజే పాస్‌బుక్‌లో గత ఏడాది పోయిన బీమా డెబిట్లన్నీ రాసుకుని, ప్రతి పాలసీకీ బతికున్న ఒకరి ఖాతా నుంచి కొత్త మ్యాండేట్ ఇవ్వాలి. అది నమోదయ్యేలోపు పడే కిస్తీలు చేత్తో కట్టాలి, కంపెనీ దగ్గర ఫోను నంబరు కూడా మార్పించాలి.