ఉద్యోగి వెళ్లిపోయాక తెరిచి ఉండే తలుపులు

సింగపూర్‌లోని ఎన్‌సీఎస్ అనే ఐటీ సంస్థలో ఒక భారతీయ ఉద్యోగికి 2022 నవంబరు 16 ఆఖరి రోజు. పనితీరు బాగాలేదని తొలగించారు. అతను ఇండియా తిరిగొచ్చాక కూడా అడ్మిన్ లాగిన్ పనిచేస్తూనే ఉంది. జనవరిలో ఆరుసార్లు లోపలికెళ్లి చూశాడు. మార్చి 18, 19 తేదీల్లో ఒక ప్రోగ్రాం నడిపి, టెస్టింగ్‌కు వాడే 180 వర్చువల్ సర్వర్లను ఒక్కొక్కటిగా చెరిపేశాడు. సంస్థకు సుమారు 9.18 లక్షల సింగపూర్ డాలర్ల నష్టం. 2024లో అతనికి రెండేళ్ల ఎనిమిది నెలల జైలుశిక్ష పడింది.

ఉద్యోగి పేరు మీదున్న ఖాతాను మూసేయడం తేలికే. నలుగురూ వాడే అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి పేరు మీదా ఉండదు కాబట్టి ఎవరికీ గుర్తురాదు. మనిషి వెళ్లిన రోజే దాన్ని మార్చాలి.

ఈమెయిల్ దగ్గర జరిగే పొరపాటు దీనికి తలకిందులు. కంగారులో ఖాతానే డిలీట్ చేసేస్తారు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో అయితే ముందు సస్పెండ్ చేయాలి. లాగిన్ ఆగిపోతుంది, ఉత్తరాలూ ఫైళ్లూ భద్రంగా ఉంటాయి. అతని సొంత డ్రైవ్‌లోని ఫైళ్లను మరొకరి పేరుకు మార్చాకే డిలీట్ జోలికి వెళ్లాలి. తొందరపడి చెరిపేస్తే, తిరిగి తెచ్చుకోవడానికి ఉండే గడువు 20 రోజులే. ఇంకో చిక్కు: ఏదైనా ఫైలును అతను ముందే తన సొంత జీమెయిల్‌కు షేర్ చేసుకుని ఉంటే, ఆఫీసు ఖాతా మూసినా ఆ దారి మూసుకోదు. షేరింగ్ జాబితాలో బయటి చిరునామాలను విడిగా వెతికి తీసేయాల్సిందే.

కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో చాలామంది తమ సొంత ఖాతాలతోనే పనిచేస్తారు. అందుకే ఆఫీసు మెయిల్ ఆగినా కోడ్ చేతిలోనే ఉంటుంది. సంస్థ సభ్యుల జాబితాలోంచి పేరు తీయాలి. అక్కడితో కూడా అయిపోదు. సర్వర్ కోసం అతను తయారుచేసిన డిప్లాయ్ కీ మనిషికి కాక రిపాజిటరీకి అంటిపెట్టుకుని ఉంటుంది. అతన్ని తీసేసినా అది పనిచేస్తుంది. ఆ కీలను రిపాజిటరీ సెట్టింగ్స్‌లో చూసి, పాతవి తీసేసి కొత్తవి పెట్టాలి. అతని ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఉన్న కాపీని మాత్రం గిట్‌హబ్ వెనక్కి తీసుకోలేదు.

జీతాల సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఉద్యోగిని పూర్తిగా గెంటేయకూడదు. పేస్లిప్పులూ ఫారం 16 అతనికి తర్వాతా కావాలి. వాటిని సొంత మెయిల్‌కు పంపే ఏర్పాటైనా చేయాలి. వెళ్లేది జీతాలు వేసే అకౌంటెంటే అయితే కథ వేరు. సాఫ్ట్‌వేర్‌లో అడ్మిన్ హోదా తీసేస్తారు గానీ, కంపెనీ బ్యాంకు ఖాతా ఓటీపీ ఇంకా అతని ఫోనుకే వెళ్తుంటుంది. నంబరు మార్పు బ్యాంకులో నమోదయ్యే దాకా ఆ పని పూర్తయినట్టు టిక్కు పెట్టకూడదు.