బాల్కనీ నుంచి లోపలికొచ్చే పొగ

"పిల్లలున్నారని ఇంట్లో ముట్టించనండీ, బాల్కనీలోకి వెళ్లే తాగుతా." ఈ మాట చెప్పే తండ్రులు అబద్ధమాడటం లేదు, జాగ్రత్తే పడుతున్నారు. ఆ జాగ్రత్త ఎంతవరకు పనిచేస్తుందో అమెరికాలోని శాన్ డియేగోలో మాట్ అనే పరిశోధకుడి బృందం కొలిచి చూసింది. ఏడాదిలోపు పసిపిల్లలున్న ఇళ్లను మూడు రకాలుగా తీసుకున్నారు. మొదటి రకంలో పొగతాగేవాళ్లే లేరు. రెండో రకంలో బిడ్డ కోసమని బయటికి వెళ్లి తాగుతారు. మూడో రకంలో లోపలే తాగుతారు. ఆ ఇళ్లలోని గాలి, నేల మీది దుమ్ము, సామాన్ల పైభాగాలు పరీక్షించారు. బిడ్డల మూత్రం కూడా పరీక్షించారు.

2004లో ఫలితాలు వచ్చాయి. లోపల తాగే ఇళ్లతో పోలిస్తే బయట తాగే ఇళ్లు చాలా నయం. కానీ ఎవరూ తాగని ఇళ్లతో పోలిస్తే, బయట తాగే ఇళ్లలో పొగ ఆనవాళ్లు 5 నుంచి 7 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ఆ తేడా బిడ్డల మూత్రంలోనూ కనిపించింది. ఒంట్లోకి వెళ్లిన నికోటిన్‌ను కాలేయం కొటినిన్ అనే పదార్థంగా మారుస్తుంది. బిడ్డ మూత్రంలో కొటినిన్ కనబడితే నికోటిన్ ఏదో దారిన ఒంట్లోకి చేరిందన్నమాట.

ఏ దారిన? కొంత తలుపు సందుల్లోంచి వచ్చే పొగే. చివరి దమ్ము తర్వాత కూడా కొన్ని నిమిషాలపాటు తాగినవాళ్ల ఊపిరితో పొగ కణాలు బయటికొస్తూంటాయి. మిగిలింది చొక్కా మీద, జుట్టులో, వేళ్ల మీద అంటుకుని లోపలికి వస్తుంది. నికోటిన్‌కు దేన్నయినా పట్టుకుని ఉండిపోయే గుణం ఎక్కువ. సోఫా గుడ్డ, పరుపు, కర్టెను, గోడ రంగు, బొమ్మలు, అన్నిట్లోకీ ఇంకుతుంది. ఆనక రోజుల తరబడి మెల్లమెల్లగా గాలిలోకి వదులుతూంటుంది. ఈ మిగులునే డాక్టర్లు థర్డ్‌హ్యాండ్ స్మోక్ అంటున్నారు. పక్కవాడు వదిలిన పొగ పీల్చడం సెకండ్‌హ్యాండ్ అయితే, ఆ పొగ పోయాక మిగిలిన మడ్డి ఇది. కిటికీలు తెరిచి ఫ్యాను వేస్తే పొగ పోతుంది గానీ ఈ మడ్డి పోదు.

అది ఉన్నచోటే చెక్కుచెదరకుండా ఉన్నా కొంత నయమే. 2010లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. వస్తువుల మీద పేరుకున్న నికోటిన్, గాలిలోని నైట్రస్ యాసిడ్‌తో కలిసి నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలుగా మారుతుంది. నైట్రస్ యాసిడ్ ఎక్కడినుంచో రానక్కర్లేదు. గ్యాస్ పొయ్యి మంట నుంచి, వాహనాల పొగ నుంచి వస్తుంది. అంటే వంటగది పక్కనే హాలు ఉండి, కింద రోడ్డు మీద ఆటోలు తిరిగే ఏ ఇంట్లోనైనా ఉంటుంది. ఇలా పుట్టేవాటిలో ఒకటి అప్పుడే వెలిగించిన సిగరెట్ పొగలో అసలు కనిపించదు. పాతబడ్డాకే పుడుతుంది.

ఇదే సోఫాలో పెద్దవాళ్లూ కూర్చుంటారు కదా, పిల్లల గురించే ఎందుకు చెబుతున్నట్టు? పాకే బిడ్డ అరచేతులతో నేలంతా తుడుస్తుంది, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటుంది. దిండు చీకుతుంది, నాన్న భుజమ్మీద మొహం పెట్టి నిద్రపోతుంది. ఒంటి బరువుతో చూస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తుంది. అమెరికాలోని సిన్సినాటిలో అత్యవసర విభాగానికి వచ్చిన పిల్లల్లో, పొగతాగే పెద్దల దగ్గర పెరుగుతున్న 25 మంది చేతులు తుడిచి పరీక్షించారు. అందరి చేతుల మీదా నికోటిన్ దొరికింది.

ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. ఎదుట తాగే పొగ వల్ల పిల్లలకు ఉబ్బసం ముదురుతుందని, చెవిలో చీము, న్యుమోనియా ఎక్కువవుతాయని, పసిబిడ్డలు నిద్రలోనే చనిపోయే ప్రమాదం పెరుగుతుందని ఎప్పుడో రుజువైంది. గుడ్డలకూ గోడలకూ పట్టిన మడ్డి విషయంలో రుజువైంది వేరు. అది పిల్లల ఒంట్లోకి చేరుతోందని తేలింది. ప్రయోగశాలలో కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తోందనీ తేలింది. ఫలానా బిడ్డకు ఫలానా జబ్బు ఈ మడ్డి వల్లే వచ్చిందని విడదీసి చెప్పడం కష్టం, ఎందుకంటే మడ్డి ఉన్న ఇంట్లో పొగా ఉంటుంది. నా మటుకు నేను బిడ్డ మూత్రంలో కొటినిన్ కనబడటమే చాలంటాను.

ఇది తెలిసిన కొందరు సిగరెట్ మాని వేప్ పట్టారు. బూడిద లేదు, కంపు లేదు, వట్టి ఆవిరేనట. ఆ ఆవిరి సంగతి 2019లో అమెరికాకు తెలిసొచ్చింది. ఆ జూలైలో మిల్వాకీలోని పిల్లల ఆసుపత్రి డాక్టర్లకు అంతుచిక్కని కేసులు వచ్చాయి. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న టీనేజీ పిల్లలు దగ్గు, ఆయాసం, జ్వరం, వాంతులతో చేరారు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ మసకబారి ఉన్నాయి. న్యుమోనియా అనుకుందామంటే పరీక్షల్లో ఏ క్రిమీ దొరకలేదు. అందరిలోనూ కలిసింది ఒక్కటే, వేపింగ్. ఈ జబ్బుకు తర్వాత ఈవాలీ అని పేరు పెట్టారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు.

కారణం పట్టుకోడానికి డాక్టర్లు ఊపిరితిత్తుల్లోకి సెలైన్ పంపి, దాన్ని తిరిగి లాగి పరీక్షించారు. 51 మంది రోగుల్లో 48 మంది నీళ్లలో విటమిన్ ఇ ఎసిటేట్ ఉంది. పోల్చి చూసిన ఆరోగ్యవంతుల్లో ఒక్కరిలోనూ లేదు. చర్మానికి రాసే క్రీముల్లో వాడే జిడ్డు పదార్థమది, మింగితే పెద్దగా హాని చేయదు. దొంగచాటుగా గంజాయి సారం అమ్మేవాళ్లు సరుకు చిక్కగా కనిపించాలని కలిపేశారు. దాన్ని వేడిచేసి పీల్చాక ఊపిరితిత్తులు వాచిపోయాయి.

ఈవాలీ పీల్చినవాళ్ల జబ్బు. తండ్రి వేప్ తాగితే కొడుక్కి ఈవాలీ వస్తుందని భయపెట్టడం సరికాదు. కాకపోతే గొట్టంలో ఏముందో కొన్నవాడికే తెలియనప్పుడు, వదిలిన ఆవిరిలో ఏముందో పక్కనున్న పిల్లాడికి ఎవరు చెప్పగలరు? మన దేశంలో 2019 నుంచి వేప్‌ల తయారీ, అమ్మకం, దిగుమతి చట్టరీత్యా నేరం. కాబట్టి ఇక్కడ దొరికేదంతా దొంగసరుకే. నికోటిన్ ద్రవం ఆవిరి కూడా గదిలో వస్తువుల మీద నికోటిన్‌ను వదులుతుంది. సిగరెట్ వదిలేదానికంటే తక్కువే, కానీ వాసన రాదు గనుక లోపలే, పిల్లల పక్కనే తాగేస్తారు.

మానడం తప్ప పూర్తి మందు లేదు. మానేదాకా చేయగలిగింది కొంత ఉంది. తాగడానికి విడిగా ఒక పైచొక్కా పెట్టుకుని దాన్ని గుమ్మం బయటే వదలాలి, చేతులూ మొహం కడుక్కుని కాసేపాగి బిడ్డను ఎత్తుకోవాలి. కారులో ముట్టించడం ఇంట్లో కంటే చెడ్డది, గుడ్డ సీట్లు అంతా పీల్చుకుంటాయి. అద్దెకు ఇల్లు మారేటప్పుడు కూడా చూసుకోవాలి. పొగతాగేవాళ్లు ఖాళీ చేశాక శుభ్రం చేసి, రెండు నెలలు ఖాళీగా ఉంచిన ఇళ్లలో కూడా నికోటిన్ మిగిలే ఉందని మాట్ బృందమే 2011లో చూపించింది. అమెరికా వెళ్లి పాత అపార్టుమెంటూ పాత కారూ తీసుకునే మన పిల్లలు కొనేముందు ఈ సంగతి అడగడం మేలు.

వేప్‌లో పోసే నికోటిన్ ద్రవం మాత్రం పైగూట్లో తాళం వేసి ఉంచాల్సిన విషం. పళ్ల వాసన, మిఠాయి రంగు చూసి పసివాళ్లు నోట్లో పోసుకుంటారు. కొద్దిగా మింగినా వాంతులు, చొంగ, చెమటలు, గుండెదడ, ఆపైన మత్తు, ఫిట్స్ వస్తాయి. అప్పుడు వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు. చర్మానికి అంటిన ద్రవాన్ని నీళ్లతో కడిగి, ఆ సీసా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏం తాగాడో, ఎంత తాగాడో డాక్టరుకు సీసా చూస్తేనే తెలిసేది.