లోపాలు రాసిచ్చి అమ్మే కారు

సెకండ్ హ్యాండ్ కార్ల షాపులో "సింగిల్ ఓనర్ సార్, బండి షోరూమ్ కండిషన్" అన్న మాట విని ఎవరూ నమ్మరు. మంచి బండి అమ్మేవాడూ, పాడైన బండి అమ్మేవాడూ ఒకే మాట చెబుతారు మరి.

ఈ అపనమ్మకం ధరనెలా పాడుచేస్తుందో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ఒక వ్యాసంలో వివరించారు. 2001లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. మంచి కారు విలువ 4 లక్షలు, లోపమున్నది 2 లక్షలు అనుకుందాం. ఏది ఏదో తెలియనివాడు మధ్యలో 3 లక్షలిస్తానంటాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు. చివరికి మార్కెట్లో లోపాల బండ్లే మిగులుతాయి.

అందుకే డీలరు చెప్పాల్సింది అబద్ధాలకోరుకు ఖరీదయ్యే మాట. ఇంజన్, గేర్‌బాక్సులకు ఆరు నెలల వారంటీ రాసిచ్చాడనుకోండి. రిపేరుకు 30 వేలు. చూసి కొన్న 20 బండ్లలో ఒకటి పాడైతే బండికి 1,500 పడుతుంది, భరించవచ్చు. చూడకుండా కొన్నవాటిలో పది పాడైతే బండికి 15 వేలు. లాభం అక్కడే కరిగిపోతుంది. ఈ లెక్క తెలిసిన మోసగాడు వారంటీ జోలికి రాడు.

రెండోది, లోపాన్ని ముందే చూపించడం. రంగు మందం కొలిచే చిన్న మీటరును కొనేవారి చేతికే ఇవ్వాలి. కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక డోరు మీద 500 చూపిస్తే అక్కడ పుట్టీ పెట్టి టింకరింగ్ చేశారన్నమాట. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మామూలు మీటరు పనిచేయదు, అదీ చెప్పాలి. "ఎడమ డోరు టింకరింగ్ అయింది, క్లచ్ త్వరలో మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించాం" అని కాగితం మీద రాసి సంతకం పెట్టిన డీలరు, ఇంజన్ బాగుందంటే కొనేవాడు వింటాడు. తనకు నష్టమైనది చెప్పినవాడి మాటకు బరువుంటుందని నా నమ్మకం.

వరద బండి విషయం వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అలాంటి బండి కడిగితే మెరుస్తుంది, వైరింగు తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. అయిదు రోజుల్లో వాపసు తీసుకుంటామన్న హామీ దీనికి చాలదు. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడాలి, కార్పెట్ ఎత్తి అడుగున ఒండ్రు కోసం వెతకాలి. మరక కనబడకపోయినా పూర్తి భరోసా లేదు కనుక, మునిగిన బండి అని తర్వాత ఎప్పుడు తేలినా డబ్బు తిరిగిస్తామని రాసిచ్చే షాపే నమ్మదగినది.

షాపుకు వెళ్లినప్పుడు ముందు ధర అడగకండి. ఈ బండిలో లోపాలేమిటో రాసిస్తారా అని అడగండి.